మరదలి పేరున మందులు

మా ద్వీపంలో అందరూ అందరికీ ఏదో ఒకటి అవుతారు. ఆ లెక్కన లూసేఆనేకు అన్నదమ్ములు ఎంతమందో ఆమెకే సరిగ్గా తెలియదు. పెదనాన్న కొడుకు, పిన్ని కొడుకు, మేనమామ కొడుకు, మేనత్త కొడుకు అనే తేడా టోంగాలో లేదు. అందరూ అన్నదమ్ములే. అక్క ఉన్నచోట తమ్ముడు ఒంటి సంగతి ఎత్తకూడదు, తమ్ముడున్నచోట అక్కా ఎత్తకూడదు. పడక సంగతి, లోపలి బట్టల సంగతి, దొడ్డికి వెళ్ళే సంగతి అసలు నోట రాకూడదు. టీవీలో ముద్దు కనిపిస్తే ఇద్దరిలో ఒకరు లేచి పెరట్లోకి పోతారు. అలాంటి ఊరికి ప్రభుత్వం లూసేఆనేను నర్సుగా వేసింది. సగం మగాళ్ళు ఆమెకు తోబుట్టువులే అయినప్పుడు ఆమె ఎవరికి వైద్యం చేస్తుందో ఆ కాగితం మీద సంతకం పెట్టినవాడు ఆలోచించలేదు.

దగ్గుకీ జ్వరానికీ ఇబ్బంది లేదు. కాలికి గాజుపెంకు గుచ్చుకున్నా ఇబ్బంది లేదు. నడుము కింది సంగతి వస్తేనే మా మగాళ్ళు మూగవాళ్ళవుతారు. మూడు నెలలకోసారి పడవ మీద డాక్టరుగారు వస్తారు, అప్పుడు చూపించుకోవచ్చు. కానీ డాక్టరుగారిని చూడాలంటే ముందు పేరు రాయించుకోవాలి, పేరు రాయించుకోవాలంటే ఏం బాధో నర్సుకి చెప్పాలి. మళ్ళీ మొదటికే వచ్చింది.

నేను ఈ ద్వీపానికి కోడలిగా వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. ఆరోగ్య కేంద్రం పక్కనే మా కొట్టు. నాకు ఇక్కడ అన్నలూ లేరు, తమ్ముళ్ళూ లేరు. అందుకే లూసేఆనే ఎవరికీ చెప్పలేనివన్నీ నా దగ్గర చెప్పుకునేది. తెలుగులో రాస్తున్నాను కాబట్టి మా వాళ్ళెవరూ చదవరన్న ధైర్యంతో ఇది రాస్తున్నాను.

లూసేఆనే భారీ మనిషి. నడుస్తుంటే కోళ్ళు కూడా దారి ఇస్తాయి. గొంతు కూడా అంతే, కేంద్రంలో ఆమె ఎవర్ని తిట్టినా నా కొట్లో బేరం ఆగిపోతుంది. పెళ్ళి చేసుకోలేదు. ఊళ్ళో పిల్లల్లో సగం మంది ఆమె చేతుల్లోకే పుట్టారు. ఆమె దగ్గర ఎప్పుడూ ఒక ఎర్ర పెన్ను ఉండేది. రోగి చీటీలో ముఖ్యమైన మాట ఉంటే దాని కింద ఎర్రగీత గీసేది. ఎర్రగీత పడిందంటే ఆ ఇంట్లో రెండు రోజులు వంట మీద ధ్యాస ఉండేది కాదు.

ఆమెకు రెండు గర్వాలు. తన చేతిలో ఒక్క బాలింత కూడా పోలేదన్నది ఒకటి. తమ్ముళ్ళ దగ్గర మర్యాద తప్పలేదన్నది రెండోది. ముఖ్యంగా పిన్ని కొడుకు కితియోనే దగ్గర. అతను పెండలం తోటలు వేస్తాడు, చర్చి పాటల బృందంలో కింది గొంతు పాడతాడు. కొత్త పెండలం తవ్వగానే మొదటి బుట్ట అక్కకే పంపిస్తాడు. వాళ్ళిద్దరూ ఎదురెదురు పడితే మాట్లాడుకునేది వాన గురించి, పాస్టరు గారి ప్రసంగం గురించి. అంతకు మించి ఏముంటుందని నేను ఒకసారి అడిగితే, "అంతకు మించి లేకపోవడమే ప్రేమ వాసూ, నీకు అర్థం కాదులే" అంది. ఇప్పటికీ నాకు సగమే అర్థమైంది.

ఆ ఏడాది పెండలం నాటే రోజుల్లో కితియోనే పెళ్ళాం సేలా కేంద్రానికి వచ్చింది. విరోచనం సరిగ్గా కావడం లేదంది. లూసేఆనే మాత్రలిచ్చింది, నీళ్ళు ఎక్కువ తాగమంది, బొప్పాయి తినమంది. కొన్ని వారాలకు సేలా మళ్ళీ వచ్చింది. ఈసారి రక్తం పడుతోందంది. పరీక్ష చేస్తాను పడుకోమంటే ససేమిరా అంది.

"మొలలే అయ్యుంటాయి వదినా. ఏదన్నా పూత మందు ఇవ్వు చాలు."

"చూడకుండా మొలలని నువ్వెట్టా చెబుతావే? నర్సువి నువ్వా నేనా?"

"సిగ్గు వదినా."

"నలుగురు పిల్లల్ని నా చేతిలో కన్నావు. అప్పుడు లేని సిగ్గు ఇప్పుడెక్కణ్ణించి వచ్చింది?"

సేలా నవ్వేసి పూత మందు పట్టుకుపోయింది. ఆ తర్వాత కూడా వస్తూనే ఉంది. ఓసారి మాత్రలు చాలలేదంది, ఓసారి రక్తం ఎక్కువైందంది. ప్రతిసారీ లూసేఆనే చీటీలో 'పరీక్షకు ఒప్పుకోలేదు' అని రాసి దాని కింద గీత గీసేది. గీత గీసినందుకు తన బాధ్యత తీరిపోయిందనుకుందో ఏమో.

మా ఆడవాళ్ళం మధ్యాహ్నాలు చర్చి హాల్లో మొగలాకు చాపలు అల్లుతాం. నా చాప ఎప్పుడూ వంకరే, ఆ నవ్వులు నాకు అలవాటే. ఆ నెలల్లో మాత్రం నవ్వులు సేలా మీదికి మళ్ళాయి. మొదలుపెట్టింది లూసేఆనే. ఆడవాళ్ళే ఉన్న చోట ఆమె నోటికి కళ్ళెం ఉండేది కాదు.

"సేలాకి కాస్త దూరంగా కూర్చోండమ్మా. మూడు రోజుల సరుకు లోపలే ఉంది."

"బన్నూ డబ్బా మాంసమూ తగ్గించవే అంటే వినదు. చేమాకు తినమంటే మొహం చిట్లిస్తుంది. ఇంక ఎక్కణ్ణించి కదులుతుంది?"

అందరం నవ్వేవాళ్ళం. సేలా కూడా నవ్వేది. తల వంచుకుని ఆకు చీల్చుకుంటూ, "నా కడుపు నా ఇష్టం వదినా" అనేది. ఆమె మంచి మనిషనీ, మాట పడుతుందనీ అనుకున్నాను. ఎవరి కోసం పడుతోందో నాకేం తెలుసు?

ఇంతలో కితియోనే చిక్కిపోతున్నాడు. అది అందరికీ కనిపిస్తూనే ఉంది. ఎండలో పని ఎక్కువైందన్నారు. చర్చిలో పాటగాళ్ళ వరుస వదిలేసి వెనక తలుపు దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాడు. ఒక ఆదివారం పాట మధ్యలో లేచి వెళ్ళిపోయాడు. దాని గురించి లూసేఆనే నాతో, "వయసొచ్చేకొద్దీ భక్తి తగ్గుతోంది మా వాడికి" అంది. తమ్ముడి ఒంటి వైపు పరీక్షగా చూడటం కూడా ఆమెకు అమర్యాదే. కళ్ళు తిప్పుకుని, భక్తి మీద పడింది.

కొత్త సంవత్సరం మొదట్లో వచ్చే ప్రార్థనల వారం అయిపోయి, కొత్త పెండలం తవ్వే రోజులు వచ్చాయి. ఒక శనివారం పడవలో పెద్దాసుపత్రి సంచి దిగింది. మందులు, కొత్త చీటీలు, కాగితాలు అన్నీ అందులోనే వస్తాయి. ఆసుపత్రిలో ఒక పద్ధతి ఉంది. ఏ ద్వీపం రోగి గురించి ఏ కాగితం వచ్చినా, ఆ ద్వీపం నర్సుకి పంపించేస్తారు. డాక్టరు వచ్చే నాటికి ఆమె అన్నీ సర్ది సిద్ధంగా ఉంచాలి. చాలామటుకు మంచి పద్ధతే.

ఆ రోజు సంచిలో ఒక కవరు ఉంది. పైన 'డాక్టర్ వేయా గారికి, స్వయంగా' అని రాసి ఉంది. కింద మా ద్వీపం పేరు ఉంది. ఎవరో గుమస్తా ఆ పేరు చూసి, కవరు విప్పకుండానే సంచిలో పడేశాడు. లూసేఆనే రోజూ విప్పే కవర్లలాగే దాన్నీ విప్పింది. సంచిలో వచ్చిన ప్రతి కవరూ విప్పడం ఆమె ఉద్యోగం.

కాసేపటికి ఆమె మా కొట్టు వెనక గదిలోకి వచ్చింది. తలుపు వేసింది. బియ్యం బస్తా మీద కూర్చుంది. చేతిలో రెండు కాగితాలు. నేను నీళ్ళిస్తే తాగలేదు.

"ఇది నేను చదవకూడనిది వాసూ. చదివేశాను" అంది.

కాగితం నాకిచ్చింది. దాన్ని నా తెలుగులో పెడుతున్నాను.

"డాక్టరుగారికి. నా పేరు కితియోనే. మీరు నన్నెరగరు. పడవ కెప్టెను చేత ఇది పంపిస్తున్నాను. నోటితో చెప్పే వీలు లేక రాస్తున్నాను, తప్పుగా అనుకోకండి.

పెండలం నాటేటప్పుడు మొదలైంది. మూడు నాలుగు రోజులకోసారి గానీ దొడ్డికి అయ్యేది కాదు. ముందు డబ్బా మాంసం వల్ల అనుకుని మానేశాను. నోనూ కాయల రసం తాగాను. మా ఇంటావిడ తనకని చెప్పి నర్సు దగ్గర మాత్రలు తెచ్చింది. మొదట్లో పని చేశాయి. తర్వాత తర్వాత మాత్ర వేసుకుంటే నీళ్ళలాగా అయ్యేది, మానేస్తే మళ్ళీ బిగుసుకునేది.

రెండు నెలలకి తుడుచుకున్న కాగితం మీద రక్తం కనిపించింది. బరువులెత్తడం వల్ల మొలలు వచ్చాయనుకున్నాను. పూత మందు కూడా మా ఇంటావిడ పేరునే వచ్చింది. రాసుకున్నాను. దాని వల్ల ఏం లాభం లేదు. చర్చిలో ఏడాది కానుకల ఆదివారం నాటికి దొడ్డికి సన్నగా, చిటికెన వేలంత వచ్చేది. జిగురు కూడా పడేది. అయ్యాక కూడా ఇంకా ఉన్నట్టే ఉంటుంది. మళ్ళీ వెళ్తాను, ఏమీ రాదు. పాట మధ్యలో అలా అయితేనే లేచి వెళ్ళాల్సి వచ్చింది. పాట పూర్తి కాకుండా నేను లేచింది అదే మొదలు.

క్రిస్మస్‌కి ముందు నుంచి రక్తం విడిగా కాదు, లోపల కలిసి వస్తోంది. ముదురు రంగు. కొన్నాళ్ళు రోజూ వచ్చింది. ప్రార్థనల వారంలో రెండుసార్లు కళ్ళు తిరిగాయి. నడుముకి చుట్టుకునే చాప మీద కట్టే తాడు ఇప్పుడు ఇంకో చుట్టు వస్తోంది. తోటలో గునపం వేసి మళ్ళీ కూర్చుంటున్నాను. కూర్చుంటే అడుగున నొప్పి. మగాళ్ళం కూడి కావా తాగే చోట కూడా ఎక్కువసేపు కూర్చోలేక ఏదో ఒకటి చెప్పి లేచి వచ్చేస్తున్నాను.

నాకు యాభై నాలుగేళ్ళు. మా నాన్న కూడా ఇలాగే చిక్కిపోయి పోయాడు. ఎందుకు పోయాడో ఎవరూ చెప్పలేదు. ఇదేమిటో మీకు తెలిస్తే నన్ను పిలిపించండి. ఏ కారణం చెప్పి పిలిచినా వస్తాను.

ఒక్క మనవి. ఇక్కడి నర్సు మా అక్క. ఇది ఆమె చేతిలో పడకూడదు. పడితే మేమిద్దరం మళ్ళీ మొహాలు చూసుకోలేం. ఆమెకు ఇది తెలియదు, నేను తెలియనివ్వలేదు. ఆమె తప్పేమీ లేదు."

చదవడం అయ్యాక నేను కాగితం మడత పెట్టాను.

"సేలా కింది కనురెప్ప నేను లాగి చూశాను వాసూ" అంది లూసేఆనే. "నెలల తరబడి రక్తం పోతోందంటోంది గదా, పాలిపోయిందేమోనని చూశాను. దానిమ్మ గింజలా ఎర్రగా ఉంది. త్రాసు మీద నిలబెట్టాను. వచ్చినప్పుడల్లా బరువు పెరుగుతోంది. రక్తం పోయే మనిషి ఎక్కడన్నా లావెక్కుతుందా? నా చేత్తో నేనే రాసుకున్నాను ఆ అంకెలు."

"నీకేం తెలుసు, ఆవిడ అబద్ధం చెబుతోందని?"

"తెలుసు."

నేను ఆమె మొహం చూశాను.

"ఒకసారి తట్టింది" అంది. "రోగం దీనిది కాదు, ఇంట్లో ఇంకెవరిదో అని తట్టింది. ఇంకెవరిదో అంటే ఎవరిది? పిల్లలు చిన్నవాళ్ళు. ఆ మాట మనసులోకి వస్తుంటే తలుపేసేశాను. మా వాడి గురించి అలాంటిది ఆలోచించడమే తప్పనుకున్నాను. మర్యాద కాపాడుకున్నాననుకున్నాను. హాల్లో సేలాని పదిమందిలో నవ్వులపాలు చేశాను. అది నా మొహం చూసి నవ్వుతూ కూర్చుంది."

ఆమె ఏడుస్తుందని నేను అనుకోలేదు. ఏడ్చింది. ఆ గొంతుతో ఏడిస్తే వీధంతా వినపడుతుందని నా భయం, కానీ చప్పుడు లేకుండా ఏడ్చింది. నాకు ఓదార్పు మాటలు రావు, చేత కాదు. కోపమొచ్చింది. మర్యాద మీద, గుమస్తా మీద, సేలా మీద, కితియోనే మీద, ఈమె మీద.

"డాక్టరు రావడానికి ఇంకా నెలన్నర ఉంది. ఏడుస్తూ కూర్చుంటే మీ తమ్ముడికి రక్తం ఆగుతుందా? ఫోను చెయ్యి" అన్నాను.

"ఏమని చెప్పను?"

"అందులో ఉన్నది చదువు."

"ఆ మాటలు నా నోటితోనా?"

"మరి నా నోటితో చదవమంటావా? నీ బదులు నేను చదివితే నర్సు ఎందుకు చెప్పలేదని అడుగుతాడు."

కళ్ళు తుడుచుకుని జేబులోంచి ఎర్ర పెన్ను తీసింది. చదవబోయే ముందు, అలవాటు చొప్పున, ముఖ్యమైన మాటల కింద గీతలు గీసింది. సన్నగా. జిగురు. కలిసి వస్తోంది. ముదురు రంగు. ఇంకా ఉన్నట్టే. ఇంకో చుట్టు. మా నాన్న కూడా. గీతలు గీస్తున్నంతసేపు ఆమె నర్సు, అక్క కాదు. చివరి పేరా దగ్గర పెన్ను ఆగింది. దాని కింద గీయలేదు.

ఫోను స్పీకరులో పెట్టి, కాగితం రెండు చేతులతో పట్టుకుంది. డాక్టర్ వేయా ఓపికస్తుడు. అతనూ ఈ దేశం వాడే, అక్కచెల్లెళ్ళున్నవాడే. ఆమె మొదటి పేరా సరిగ్గానే చదివింది. రక్తం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది. ఒక్కో మాటా నోట్లోంచి ముల్లు తీసినట్టు వచ్చింది. ఇరవై ఏళ్ళలో ఆమె నర్సుగా ఆ మాటలు ఎన్ని వందలసార్లు అనుంటుందో. తమ్ముడి గురించి అనడం అదే మొదలు.

అంతా విని డాక్టరు, "మీరు పరీక్ష చేశారా సిస్టర్?" అన్నాడు.

"లేదు. అతను నా తమ్ముడు."

"అర్థమైంది." అవతల ఏదో రాసుకుంటున్న చప్పుడు. "వచ్చే పడవకే పంపించండి. ఆలస్యం వద్దు."

"నేను పంపిస్తే నాకు తెలిసిందని తెలిసిపోతుంది. వాడు పడవ ఎక్కడు. మీరే ఫోను చేసి, ఉత్తరం అందిందని చెప్పి పిలవండి."

"నాకు అందలేదు కదా. రోగితో అబద్ధం చెప్పమంటారా?"

"అందింది సార్. ఇప్పుడే అక్షరం పొల్లుపోకుండా చదివాను. కాగితం కూడా అదే పడవలో మీ చేతికే పంపిస్తాను."

అవతల నుంచి నిట్టూర్పు వినిపించింది. "నంబరు చెప్పండి" అన్నాడు.

పడవ బయల్దేరే రోజు మేమంతా రేవులో ఉన్నాం. కితియోనే మంచి చొక్కా వేసుకున్నాడు. అది అతని మీద వేలాడుతోంది. నౌకాశ్రయం పనికోసం మనుషుల్ని పిలుస్తున్నారు, కనుక్కొస్తానని అందరికీ చెప్పాడు. ఆ వయసులో, ఆ ఒంటితో, నౌకాశ్రయం పని. అందరం బాగుందన్నాం.

"అక్కా, వెళ్ళొస్తాను. గాలి బాగానే ఉంది" అన్నాడు అక్క కాళ్ళ వైపు చూస్తూ.

"అవును. తూర్పు గాలి. పడవ ఊగదు" అంది లూసేఆనే సముద్రం వైపు చూస్తూ.

కెప్టెన్ సంచిలో ఆ ఉత్తరం కొత్త కవరులో ఉంది. లూసేఆనే సేలా చేతికి ఒక మెత్తని దిండు ఇచ్చింది.

"బల్లలు గట్టిగా ఉంటాయి. వేసుకుని కూర్చోండి."

అంతకన్నా చెప్పడానికి లేదు. క్షమించమంటే, ఎందుకని అడుగుతుంది. హాల్లో అన్న మాటలకు అంటే, ఇప్పుడెందుకు గుర్తొచ్చాయని అడుగుతుంది. క్షమాపణ అడిగే దారి కూడా మూసుకుపోయింది. సేలా దిండు తీసుకుని ఆమెను ఒకసారి చూసింది. పడవెక్కింది.

నాలుగు రోజుల తర్వాత డాక్టరు ఫోను చేశాడు. పేగు చివర, మలద్వారానికి దగ్గర్లో గడ్డ ఉందన్నాడు. గొట్టం వేసి చూశారు, ముక్క తీసి పరీక్షకు పంపారు, రక్తం ఎక్కించారు.

"గొట్టం వేయకముందే తెలిసింది సిస్టర్. వేలికే తగిలింది" అన్నాడు.

అతను మామూలుగా, వివరం కోసం చెప్పాడు. లూసేఆనేకు మాత్రం ఆ మాట గుచ్చుకుంది. ఒక చేతి తొడుగు, కాస్త వాజిలీను, ఒక వేలు. కేంద్రంలో తొడుగుల పెట్టెలు బీరువా నిండా ఉన్నాయి. తను చేయలేకపోతే పోయింది, పక్క ద్వీపం మగ నర్సుని ఒక పూట పిలిపిస్తే సరిపోయేది. మనసులో ఆ తలుపు తెరిచి ఉంటే అతనికి కబురు పెట్టేది.

"ఆరు నెలల క్రితం పట్టుకుని ఉంటే?" అని అడిగింది.

"చెప్పలేను. చిన్న ఆపరేషనుతో పోయేదేమో. పోకపోనూ వచ్చు." డాక్టరు అబద్ధం చెప్పడు, ఆ సంగతి మనకు ముందే తెలుసు.

ఆపరేషను చేసి పేగు చివరి భాగం తీసేశారు. కిందిదారి మూసేసి, పొట్టకు ఎడమ పక్క రంధ్రం పెట్టారు. ఇక బతికినంతకాలం మలం అక్కడ అతికించిన సంచిలోకే వస్తుంది. పక్కనున్న గ్రంథులు కొన్నింటికి కూడా పాకిందట. మందులు పెట్టారు. కితియోనే ఇంటికి రావడానికి చాలా నెలలు పట్టింది.

ఈ మధ్యకాలమంతా లూసేఆనే చాపలు అల్లడానికి హాలుకి రాలేదు. పనుందనేది. ఆమె నోరు లేని హాల్లో మాకూ నవ్వులు తగ్గిపోయాయి. ఒకరోజు ఎవరో పాత అలవాటుగా సేలా పేరెత్తి కడుపు హాస్యం చేయబోతే, నేను గట్టిగా కసిరాను. ఎందుకు కసిరానో వాళ్ళకి తెలియదు. నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు.

కితియోనే తిరిగొచ్చాడని తెలిసిన రోజు లూసేఆనే నా కొట్టుకొచ్చి ఊరికే నిలబడింది.

"సంచులు కేంద్రానికే వస్తాయి" అంది. "చర్మం పుండు పడకుండా చూసేది నేనే. ఇంకెవరున్నారు? ఎట్టా చూడను?"

రేపు నా మాత్రల కోసం వస్తానుగా, చూద్దాం అన్నాను.

మర్నాడు పొద్దున రక్తపోటు మాత్రల కోసం నేను కేంద్రంలో ఉన్నాను. ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు కూడా ఉన్నారు. సేలా వచ్చింది. ఆమె వెనకాలే కితియోనే వచ్చాడు గానీ లోపలికి రాలేదు. బయట కిటికీ కింద బల్ల ఉంది, దాని మీద మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. గాజు పలకల మధ్య నుంచి అతని తెల్లబడ్డ వెనక జుట్టు మాత్రమే కనిపిస్తోంది.

సేలా లోపల నర్సు బల్ల దగ్గరికొచ్చి, ఆ ఇద్దరూ వినేటట్టే అంది.

"వదినా, నాకు సంచులు కావాలి."

ఆ ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. సేలాకు సంచులేమిటి? లూసేఆనే వాళ్ళను చూడలేదు. సేలానూ చూడలేదు. కిటికీని చూసింది. తర్వాత తన పెద్ద గొంతుతో, బయటికి బాగా వినపడేటట్టు అడిగింది.

"నీకు చుట్టూ చర్మం ఎర్రబడిందా సేలా?"

సేలా నోరు తెరవలేదు. బయట బల్ల మీద వేలితో ఒక్క దెబ్బ వినిపించింది.

"కొంచెం ఎర్రబడింది వదినా" అంది సేలా.

"నీకు సంచి అంచు కింద నుంచి కారుతోందా?"

చప్పుడు లేదు.

"కారడం లేదు."

"సంచికి రంధ్రం కత్తిరించేటప్పుడు మరీ పెద్దగా కత్తిరిస్తున్నావేమో. బయటికొచ్చిన పేగు ముక్క చుట్టూ సన్నటి అంచు మాత్రమే వదలాలి, లేకపోతే చర్మం మండుతుంది. గోరువెచ్చని నీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరాక అతికించుకో. నూనె జిగురుండే సబ్బు వాడకు. ఆ పేగు ముక్క రంగు ఎట్టా ఉంది? ఎర్రగా తడిగా ఉందా, నల్లబడుతోందా? నల్లబడితే ఆలోచించకుండా నా దగ్గరికి రా. మొహమాటపడకు. వినపడిందా నీకు?"

ఒక దెబ్బ.

"ఎర్రగానే ఉంది. వినపడింది వదినా."

ఆ రోగాన్ని నెలల తరబడి దాచిపెట్టిన నాటకాన్నే భార్యాభర్తలిద్దరూ మళ్ళీ ఆడారు. ఈసారి అందులో రోగి ఎవరో లూసేఆనేకు కూడా తెలుసు. నేను నా మాత్రలు పట్టుకుని నిలబడిపోయాను, వెళ్ళాలని తోచలేదు. ఆ ఇద్దరు ఆడవాళ్ళకి కూడా కాసేపటికి అర్థమైనట్టుంది, తలలు దించుకున్నారు.

సేలా బుట్టలోంచి పెద్దాసుపత్రి ఫైలు తీసి ఇచ్చింది. ఇంటికి పంపించేటప్పుడు రోగి కాగితాలన్నీ ద్వీపం నర్సుకే పంపడం పద్ధతి కదా. "ఇది నీకివ్వమన్నారు" అంది. ఎవరు ఇవ్వమన్నారో చెప్పలేదు.

లూసేఆనే ఫైలు విప్పింది. అన్నిటికన్నా పైన ఆ ఉత్తరం ఉంది. ఆమె గీసిన ఎర్రగీతలు దాని నిండా ఉన్నాయి. మా ద్వీపంలో పిల్లవాడికి టీకా వేయించిన ఏ ఇంట్లోనైనా ఆ ఎర్రగీతను గుర్తు పడతారు. పడవలో వస్తున్నంతసేపు ఆ ఫైలు కితియోనే ఒళ్ళోనే ఉంది.

తను చదివిన సంగతి తమ్ముడికి తెలిసిపోయిందని లూసేఆనేకు అర్థమైంది. కాగితం చివరికంటా చూసింది. చివరి పేరాలో, తను పెన్ను ఆపిన చోట, ఇప్పుడు ఒక గీత ఉంది. పెన్సిలుతో గీసింది, వంకరగా, రెండుసార్లు దిద్దింది. 'ఆమె తప్పేమీ లేదు' అన్న మాట కింద ఉంది అది.

ఆ మాట ఆమె నమ్మిందని నేను చెప్పలేను. తర్వాత ఏళ్ళలో కూడా, కితియోనే మళ్ళీ జబ్బుపడి పోయాక కూడా, నా వెనక గదిలో కూర్చుని కనురెప్ప సంగతీ త్రాసు సంగతీ చెబుతూనే ఉంది. కానీ ఆ పొద్దున ఆమె ఉత్తరాన్ని జాగ్రత్తగా ఫైల్లో పెట్టి, బీరువాలోంచి సంచుల పెట్టె తీసింది. కొత్త చీటీ తీసి, పేరు దగ్గర సేలా అనే రాసింది.

"సేలా" అంది కిటికీ వైపు తిరిగి. "హాల్లో నిన్ను చాలా మాటలన్నాను. తప్పయింది."

సేలా కళ్ళనిండా నీళ్ళతో ఎదుటి బల్ల వైపు చూస్తోంది. బయట, చాలాసేపటికి, బల్ల మీద ఒక్క దెబ్బ వినిపించింది.